పెట్టె మీద దిగుమతిదారు పేరు ఎవరిది?

ప్రశ్న: ఖమ్మంలో చిన్న ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్ళిళ్ళ సీజను మొదలయ్యేలోపు సోనీ ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనాలని ఉంది. హైదరాబాదులో డీలరు 2,10,000 రూపాయలు చెప్పారు. ఒక వెబ్‌సైటులో అదే కెమెరా 1,72,000కే ఉంది. ‘అధీకృత విక్రేత’, ‘నూటికి నూరు శాతం ఒరిజినల్’, ‘ఒక సంవత్సరం వారంటీ’ అని రాశారు. అడిగితే వాట్సాప్‌లో ఒక సర్టిఫికెట్టు కూడా పంపారు. నమ్మవచ్చా? అక్కడ కొంటే మన దగ్గర వారంటీ చెల్లుతుందా? అమెరికాలో ఉన్న మా బావమరిది లెన్సు తెస్తానంటున్నాడు. దాని సంగతి కూడా చెప్పండి.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు:

డబ్బు కట్టకముందే అడిగారు కాబట్టి మీ చేతిలో ఇంకా అన్ని దారులూ ఉన్నాయి. నేను అలా అడగలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక వెబ్‌సైటులో లెన్సు కొన్నాను. సరుకు అసలైనదే, బిల్లూ ఇచ్చారు. ఎనిమిది నెలలకు ఫోకస్ మోటారు ఆగిపోతే పెట్టెతో సహా సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్ళాను. కౌంటరు దగ్గరున్న అమ్మాయి లెన్సును ముట్టుకోలేదు. పెట్టెను తిరగేసి అడుగు భాగం చూసి, “ఇది మా కంపెనీ దిగుమతి చేసింది కాదండీ” అని నా ముందుకు జరిపింది. పది సెకన్లు కూడా పట్టలేదు. డబ్బు కట్టి బాగు చేయించుకున్నాను, విడిభాగం రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆ అమ్మాయి పెట్టె అడుగున ఏం చూసిందో కొనేముందు నాకు తెలిసి ఉంటే ఆ లెన్సు కొనేవాడిని కాదు.

మీకు వచ్చిన మూడు మాటలూ మూడు వేర్వేరు సంగతులు. అమ్మేవాళ్ళు వాటిని ఒకే వరుసలో పెడతారు కాబట్టి మనకు ఒకటిగా వినిపిస్తాయి. ‘ఒరిజినల్’ అంటే నకిలీ కాదని మాత్రమే. ‘అధీకృత విక్రేత’ అంటే ఆ బ్రాండు తాలూకు భారతీయ కంపెనీ తన సరుకు అమ్మడానికి ఒప్పుకున్న వ్యాపారి. ఇక ‘వారంటీ’ అన్నప్పుడు అది ఎవరి వారంటీ అన్నదే అసలు ప్రశ్న, బ్రాండు ఇచ్చేదా, ఆ దుకాణం ఇచ్చేదా? దుబాయిలోనో సింగపూరులోనో హాంకాంగ్‌లోనో కొని, బ్రాండు భారతీయ కంపెనీతో సంబంధం లేకుండా ఇక్కడికి తెచ్చి అమ్మే సరుకును వ్యాపారంలో గ్రే మార్కెట్ సరుకు అంటారు. అది అదే కర్మాగారంలో తయారైన నిజమైన కెమెరానే. ‘ఒరిజినల్’ అన్న మాటలో అబద్ధం లేదు. కానీ ఇక్కడి కంపెనీ వారంటీ తాను దిగుమతి చేసి, తన డీలర్ల ద్వారా అమ్మిన సరుకుకు ఇచ్చే హామీ. తాను తేని పెట్టె బాధ్యత అది తీసుకోదు.

ముందు ధర సంగతి చూద్దాం. కెమెరాల మీద జీఎస్టీ 18 శాతం. డీలరు చెప్పిన 2,10,000లో పన్ను సుమారు 32,000 రూపాయలు, పన్ను తీసేస్తే సరుకు విలువ సుమారు 1,78,000. వెబ్‌సైటు పన్నుతో కలిపి అడుగుతున్నది 1,72,000. అంటే డీలరు పన్ను లేకుండా అమ్మినా చేరలేని ధర అది. పండుగ తగ్గింపులు బ్రాండే ప్రకటిస్తుంది, అవి వచ్చినప్పుడు అధీకృత డీలర్లందరి దగ్గరా ధర కాస్త అటూ ఇటుగా కలిసి దిగుతుంది. అందరూ రెండు లక్షల పైన ఉండగా ఒక్క సైటే 38,000 తక్కువకు ఇస్తున్నదంటే ఆ తేడాకు ఎక్కడో కారణం ఉండాలి. ఇది మోసమని నేను అనడం లేదు. ఆ కారణం ఏమిటో తేలేవరకు డబ్బు కట్టకండి అంటున్నాను.

తేల్చుకునే పని ఆ వెబ్‌సైటు దగ్గర మొదలుపెట్టకండి. అక్కడ కనిపించేదంతా వాళ్ళు రాసుకున్నదే. వాట్సాప్‌లో వచ్చిన సర్టిఫికెట్టూ అంతే. లోగో, సంతకం, ముద్ర ఉన్న కాగితాన్ని ఎవరైనా కంప్యూటర్‌లో అరగంటలో తయారు చేయగలరు. అది నిజమైనదే అయినా గడువు ముగిసినది కావచ్చు, వేరే సంస్థ పేరు మీద ఉండవచ్చు, టీవీలకు ఇచ్చిన అనుమతిని కెమెరాలకు చూపిస్తూ ఉండవచ్చు. ఆ కాగితాన్ని పారేయకండి, దాని మీద మూడు విషయాలు మాత్రం చూసి పెట్టుకోండి: ఏ సంస్థ పేరుకు ఇచ్చారు, ఏ రకం సరుకుకు ఇచ్చారు, ఏ తేదీ వరకు చెల్లుతుంది. ఇవి తర్వాత పనికొస్తాయి.

మొదలుపెట్టవలసింది బ్రాండు దగ్గర. బ్రౌజరులో సోనీ ఇండియా సైటు చిరునామా మీరే టైపు చేసి తెరవండి. ఆ అమ్మకపు సైటు ఇచ్చిన లింకు నొక్కి వెళ్ళకండి. బ్రాండు సైటులో దుకాణాలు వెతుక్కునే పేజీ ఉంటుంది. అందులో మీరు చూసిన సైటు వెనక ఉన్న సంస్థ పేరు ఉందేమో వెతకండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. జాబితాలో ఉన్నది ఒక దుకాణం పేరు. మీరు చూసినది ఒక వెబ్‌సైటు. రెండింటి పేరూ ఒకటే అయినా రెండూ ఒకరివే అనుకోనక్కరలేదు. నగరంలో పేరున్న దుకాణం పేరును కొద్దిగా మార్చి, మధ్యలో ఒక అడ్డగీత పెట్టో చివర ఒక మాట చేర్చో వేరెవరో సైటు తెరవవచ్చు. అందుకని బ్రాండు జాబితాలో ఉన్న ఫోను నంబరుకే ఫోను చేసి, “ఈ చిరునామా గల వెబ్‌సైటు మీదేనా?” అని అడగండి. వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోను చేస్తే అవుననే అంటారు.

తర్వాత బ్రాండు వినియోగదారుల విభాగానికి మెయిలు రాయండి. ఫోనులో అడిగితే ఒకరు ఒకటి చెబుతారు, మరొకరు మరొకటి చెబుతారు, రేపు మీ దగ్గర ఆధారం ఉండదు. మెయిలులో అడగవలసింది కొంచెమే, కాని సూటిగా అడగాలి. “ఫలానా చిరునామా గల వెబ్‌సైటు, ఫలానా పేరు గల సంస్థ, ఫలానా జీఎస్టీ నంబరు. ఈ సంస్థ భారతదేశంలో మీ కెమెరాలు అమ్మడానికి అధీకృత విక్రేతేనా? ఈ వెబ్‌సైటు ద్వారా అమ్మడానికి కూడా అనుమతి ఉందా? అక్కడ కొన్న ఫలానా మోడలుకు మీ వారంటీ ఎంతకాలం, ఏ తేదీ నుంచి? ఖమ్మంలో ఉండే నేను మరమ్మతుకు ఏ సర్వీస్ సెంటరుకు వెళ్ళాలి?” ఇంగ్లీషులో రాసినా ఇవే రాయండి. ‘మీ డీలరేనా’ అని ఊరికే అడిగితే ‘మా అధీకృత డీలర్ల దగ్గరే కొనండి’ అన్న అచ్చు జవాబు వస్తుంది. సంస్థ పేరు, వెబ్‌సైటు చిరునామా, సరుకు రకం మూడూ ఒకే వాక్యంలో ఉంటే వాళ్ళు అవునో కాదో చెప్పక తప్పదు. జవాబుతో పాటు వచ్చే ఫిర్యాదు నంబరును దాచి పెట్టుకోండి.

ఆఖరి ప్రశ్నను తేలికగా తీసుకోకండి. వారంటీ చెల్లడం ఒకటి, మీ ఊళ్ళో దాని కింద పని జరగడం మరొకటి. ఒకే బ్రాండు టీవీలు బాగు చేసే కేంద్రం ఖమ్మంలో ఉండవచ్చు, కాని వాళ్ళు కెమెరా తెరవకపోవచ్చు. కెమెరా వారంటీలో మనమే సరుకు తీసుకువెళ్ళి ఇవ్వడం మామూలు. హైదరాబాదు వెళ్ళాలా, కొరియరులో పంపవచ్చా, పంపితే రాకపోకల ఖర్చు ఎవరిది అన్నవి ముందే తెలిస్తే, మాఘమాసంలో కెమెరా ఆగిపోయిన రోజు మీరు కంగారు పడరు.

మెయిలుకు జవాబు వచ్చేలోపు చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. ఆ వెబ్‌సైటు అడుగు భాగంలోనో, నిబంధనల పేజీలోనో సంస్థ పూర్తి పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు ఉండాలి. వినియోగదారుల రక్షణ కింద 2020లో తెచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు చూపాలి. దిగుమతి చేసిన సరుకైతే దిగుమతిదారు పేరు, వివరాలు కూడా చెప్పాలి. ఒక్క ఫోను నంబరు, ఒక జీమెయిలు చిరునామా తప్ప ఏమీ లేని సైటైతే ఇక ముందుకు వెళ్ళనక్కరలేదు.

జీఎస్టీ నంబరు దొరికితే gst.gov.in తెరిచి Search Taxpayer అన్న చోట అది వేయండి. లాగిన్ అక్కరలేదు. నమోదైన పేరు, వ్యాపారం పేరు, నమోదు తేదీ, అది ఇప్పుడు నడుస్తున్నదా రద్దయిందా అన్నది కనిపిస్తాయి. ఆ పదిహేను అక్షరాల నంబరును కళ్ళతో చూసినా కొంత తెలుస్తుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, ఢిల్లీకి 07, మహారాష్ట్రకు 27. ఆ తర్వాతి పది అక్షరాలు యజమాని పాన్ నంబరు. పాన్‌లో నాలుగో అక్షరం, అంటే జీఎస్టీ నంబరులో ఆరోది, యజమాని ఎవరో చెబుతుంది. C ఉంటే కంపెనీ, F ఉంటే భాగస్వామ్య సంస్థ, P ఉంటే ఒక వ్యక్తి. సైటులో ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని రాసి నంబరులో ఆరో అక్షరం P ఉంటే రెండిటిలో ఒకటి నిజం కాదు. డబ్బు కట్టే ముందు యూపీఐ తెరమీద కనిపించే పేరు కూడా ఇదే సంస్థదై ఉండాలి. జీఎస్టీలో ఒక పేరు, యూపీఐలో ఎవరో వ్యక్తి పేరు వచ్చినప్పుడు నేనైతే అక్కడే ఆగిపోతాను.

ఈ పరీక్ష వల్ల తెలిసేదేమిటో కూడా గుర్తు పెట్టుకోండి. అన్నీ సరిపోతే ఆ సంస్థ నిజంగా ఉందని, పన్ను వేసి బిల్లు ఇవ్వగలదని తెలుస్తుంది. అధీకృత విక్రేత అని మాత్రం తెలియదు. గ్రే మార్కెట్ సరుకు అమ్మేవాళ్ళలో పక్కా జీఎస్టీ నంబరు ఉన్నవాళ్ళూ ఉంటారు. బ్రాండు నుంచి వచ్చే మెయిలు ఒక్కటే అసలు ప్రశ్నకు జవాబు.

మీరు చూసినది సొంత సైటు కాక పెద్ద మార్కెట్‌ప్లేస్ అయితే చూడవలసిన చోటు మారుతుంది. అక్కడ ఒకే సరుకు పేజీ వెనక పదిమంది విక్రేతలు ఉండవచ్చు. బ్రాండు పేరుతో ఉన్న అందమైన పేజీ, వందల సమీక్షలు అన్నీ ఆ సరుకువి, విక్రేతవి కావు. Sold by అన్న చిన్న అక్షరాల వరుసలో ఉన్న పేరే మీకు అమ్మేవాడిది. ఇంకో రంగు ఎంచుకున్నా, లెన్సుతో ఉన్న సెట్టు ఎంచుకున్నా ఆ పేరు మారిపోవచ్చు. కాబట్టి ఆ పేరును మొదట కాదు, డబ్బు కట్టే తెర మీద చూడండి. బ్రాండుకు రాసే మెయిలులో ఆ విక్రేత పేరే ఉండాలి, మార్కెట్‌ప్లేస్ పేరు కాదు.

వారంటీ గురించి ఎలా రాశారో కూడా చదవండి. Seller warranty అంటే చెడిపోతే ఆ దుకాణమే చూసుకుంటుందని అర్థం, దుకాణం ఉన్నంతవరకే దాని విలువ. International warranty అన్నది వినడానికి పెద్దగా ఉంటుంది గాని, ఏయే దేశాల్లో చెల్లుతుందో బ్రాండు వారంటీ కాగితంలో రాసి ఉంటే తప్ప దానికి అర్థం లేదు. కెమెరా బాడీల వారంటీ ఎక్కువగా కొన్న దేశానికే పరిమితం. మీ సైటులో ‘ఒక సంవత్సరం వారంటీ’ అని మాత్రమే ఉంది, ఎవరిదో లేదు. కాబట్టి వాళ్ళకు వాట్సాప్‌లో ఈ మూడు ప్రశ్నలు వేయండి: “ఇది సోనీ ఇండియా వారంటీయేనా? బిల్లు మీద సీరియల్ నంబరు వేస్తారా? పెట్టె మీద దిగుమతిదారు చీటీ ఫోటో పంపుతారా?” నిజంగా డీలరైతే ఇవి రోజూ వినే ప్రశ్నలే, వెంటనే ఫోటో పంపుతాడు. “సార్, వారంటీ అంతా మేమే చూసుకుంటాం” అన్న జవాబు వస్తే అది దుకాణం వారంటీ అని వాళ్ళే చెప్పినట్టు.

ఆ చీటీయే నా లెన్సు పెట్టె అడుగున సర్వీస్ సెంటరు అమ్మాయి వెతికినది. తూనికలు కొలతల చట్టం కింద 2011లో వచ్చిన ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం విదేశంలో తయారై ఇక్కడ చిల్లరగా అమ్మే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర రూపాయల్లో, ఫిర్యాదులకు ఫోను నంబరు, మెయిలు ఉండాలి. సోనీ కెమెరా పెట్టె అయితే దిగుమతిదారుగా సోనీ ఇండియా ప్రైవేట్ లిమిటెడ్ అని ఉండాలి. ఆ చోట ఎవరో వ్యాపార సంస్థ పేరుంటే సరుకు చట్టబద్ధంగా వచ్చి ఉండవచ్చు, బ్రాండు వారంటీ మాత్రం అనుమానమే. చీటీయే లేకుండా, ధర రూపాయల్లో లేకుండా ఉంటే అనుమానం కూడా అక్కరలేదు. ‘థాయిలాండ్‌లో తయారైంది’ అని కనిపిస్తే మాత్రం భయపడకండి. సోనీ కెమెరాల్లో చాలా భాగం అక్కడే తయారవుతాయి, మన డీలరు అమ్మేవి కూడా. చూడవలసింది ఎక్కడ తయారైందో కాదు, ఎవరు తెచ్చారో.

వాళ్ళు పంపిన ఫోటో వేరే పెట్టెది కావచ్చు. అందుకే ఫోటోలో సీరియల్ నంబరు కనిపించేలా పంపమనండి. పార్సెల్ వచ్చాక ఆ నంబరుతో పోల్చడానికి వీలుంటుంది.

ఇన్ని చూసి కొన్నారనుకుందాం, అక్కడైనా సరే, డీలరు దగ్గరైనా సరే. పార్సెల్ వచ్చినప్పుడు పైకవరు చించకముందే ఫోనులో వీడియో మొదలుపెట్టి, ఆపకుండా చివరిదాకా తీయండి. బయటి కవరు తీశాక కెమెరా పెట్టె సీలు విప్పకండి. ఈ ఒక్క దగ్గర తొందర పడవద్దని బతిమాలుతున్నాను. సీలు ఉన్నంతవరకు వెనక్కి ఇవ్వడం తేలిక, విప్పాక ‘వాడిన సరుకు’ అని వాదన మొదలవుతుంది. ముందు ఆ దిగుమతి చీటీ చదవండి. అచ్చు ధర, దిగుమతిదారు పేరు, పెట్టె మీది సీరియల్ నంబరు వీడియో తీస్తున్న ఫోను ముందు పెట్టి చూపండి. బిల్లు మీద అదే నంబరు ఉందా? వాళ్ళు ముందు పంపిన ఫోటోలో ఉన్నదే ఉందా? ఇక్కడే తేడా కనిపిస్తే పెట్టె విప్పకుండా తిరిగి పంపే పని మొదలుపెట్టండి.

సీరియల్ నంబరు కుదిరితే పెట్టె విప్పకుండానే సర్వీస్ సెంటరుకు ఫోను చేసి ఆ నంబరు చెప్పి, “ఇది ఇండియాలో అమ్మడానికి వచ్చిన సరుకేనా, వారంటీ ఇప్పటికే మొదలైందా?” అని అడగండి. రెండో ప్రశ్న ఎందుకంటే ప్రదర్శనకు పెట్టినవి, ఒకరు కొని తిరిగి ఇచ్చినవి మళ్ళీ సీలు వేసి వచ్చే సందర్భాలు ఉంటాయి. వాటి వారంటీ గడియారం మీకంటే ముందే తిరగడం మొదలై ఉంటుంది.

విప్పిన తర్వాత కెమెరా మీద ఉన్న సీరియల్ నంబరు పెట్టె మీదిదే కావాలి. ఆన్ చేశాక మెనూ భాషల్లో ఇంగ్లీషు ఉందో లేదో చూడండి. జపాన్ దేశీయ మార్కెట్టు కోసం చేసిన కొన్ని సోనీ కెమెరాల్లో మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చుకోవడానికి వీలుండదు. కెమెరాతో చార్జరు వస్తే దాని మీద భారతీయ ప్రమాణాల సంస్థ అయిన బీఐఎస్ గుర్తు, దాని కింద R తో మొదలై ఎనిమిది అంకెలున్న నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు వేస్తే అది ఏ తయారీదారుకు, ఏ సరుకుకు ఇచ్చారో వస్తుంది. వేరే దేశం కోసం చేసిన చార్జరుకు ఈ నంబరు ఉండకపోవచ్చు, ప్లగ్గు కూడా మన సాకెట్టుకు పట్టక పక్కన ఒక చవక అడాప్టరు పెట్టి పంపుతారు. అలా విడి అడాప్టరు కనిపించినప్పుడల్లా నాకు అనుమానం వస్తుంది, అది చాలాసార్లు నిజమే అవుతుంది.

చివరగా బ్రాండు ఇండియా సైటులో కెమెరాను మీ పేరు మీద నమోదు చేయండి. బిల్లు కూడా అక్కడే ఎక్కించమంటే ఎక్కించండి. అయితే నమోదు జరిగినంత మాత్రాన వారంటీ ఖాయమని అనుకోకండి. నమోదు పేజీ నంబరు ఆకారం సరిగ్గా ఉంటే తీసుకోవచ్చు, అసలు పరీక్ష సర్వీస్ సెంటరు కౌంటరు దగ్గర బిల్లు, చీటీ, నంబరు మూడూ కలిపి చూసినప్పుడు జరుగుతుంది. నమోదు కాలేదంటే మాత్రం అది గట్టి సూచనే. వెంటనే అదే రోజు అమ్మినవాళ్ళకూ బ్రాండుకూ రాయండి, తిరిగి ఇచ్చే గడువు దాటనివ్వకండి.

గడువులోపల తేడా బయటపడి, అమ్మినవాళ్ళు కదలకపోతే, మొదట వాళ్ళ ఫిర్యాదుల అధికారికి మెయిలు పెట్టండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోను చేయవచ్చు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, ఆ సైటు ఢిల్లీలో ఉన్నా మీరు ఢిల్లీ వెళ్ళనక్కరలేదు. స్టూడియో కోసం కొన్నది కాబట్టి ‘మీరు వ్యాపారి, వినియోగదారు కాదు’ అని ఎదుటివారు వాదించవచ్చు. స్వయం ఉపాధితో బతుకుతెరువు సంపాదించుకోవడానికే కొని, తానే వాడుకునే వస్తువును ఆ చట్టం వాణిజ్య ప్రయోజనంగా లెక్కించదు. మీరే కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళు తీసేవారైతే ఆ మాట మీకు వర్తిస్తుంది. స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ జవాబులు, బ్రాండు మెయిలు, ఆ వీడియో అన్నీ ఒకచోట దాచి ఉంచండి. ‘అధీకృత విక్రేత’ అని రాసిన పేజీ రేపు మారిపోవచ్చు కాబట్టి దాని స్క్రీన్‌షాట్ ఈ రోజే తీసుకోండి, తేదీ కనిపించేలా.

నా అభిప్రాయం అడిగితే, బ్రాండు మెయిలు ‘అవును’ అని రాకపోతే ఆ 1,72,000 కెమెరా కొనవద్దు. మీరు ఒక్క కెమెరాతో పెళ్ళిళ్ళు తీసేవారు. అది ఏడు వారాలు మూలపడితే ఆ నెలల్లో ఒప్పుకున్న పెళ్ళిళ్ళకు మరో కెమెరా అద్దెకు తేవాలి, ఆదా చేసిన 38,000 అందులోనే కరిగిపోతుంది. తగ్గింపు కావాలంటే హైదరాబాదు డీలరునే ఇంకోసారి అడగండి, మెమరీ కార్డో అదనపు బ్యాటరీయో ఇమ్మని గట్టిగా పట్టుబట్టండి. బ్రాండు పండుగ తగ్గింపు దగ్గరలో ఉందేమో కూడా వాళ్ళకు తెలుసు.

మీ బావమరిది లెన్సు సంగతి. అక్కడ అధీకృత దుకాణంలోనే కొన్నా, ఆ వారంటీ ఆ దేశపు కంపెనీ ఇచ్చేది. లెన్సు కొనకముందే పెట్టెలో వచ్చే వారంటీ కాగితాన్ని బ్రాండు సైటులో తెరిచి, ఏ దేశంలో చెల్లుతుందో చెప్పే వాక్యాన్ని ఆయననే చదవమనండి. ‘కొన్న దేశంలో మాత్రమే’ అని ఉంటే చెడిపోయినప్పుడు దాన్ని మళ్ళీ ఆయన చేతికే పంపి అక్కడ బాగు చేయించాలి. అది మీకు సమ్మతమైతే తెప్పించుకోండి. ఆయన తీసుకునే బిల్లు తన పేరుతో, సీరియల్ నంబరుతో ఉండాలి, దాన్ని ఆయన దగ్గరే భద్రంగా ఉంచమనండి. విమానాశ్రయంలో సుంకం లేని పరిమితి దాటిన సరుకుకు సుంకం కట్టవలసి వస్తుంది, ఆ రసీదు కూడా పారేయవద్దని చెప్పండి. అన్నీ లెక్క వేసుకున్నాక ఇక్కడి ధరకూ దానికీ మధ్య ఎంత మిగులుతుందో చూసి అప్పుడు ఆయనకు మాట ఇవ్వండి.